తిరస్కరణ లేఖలో సగం పేరానే ఎందుకు?

సంపాదకుడికి,

ఇంటి బీమా క్లెయిము తిరస్కరణకు గురైన ఒకావిడ ఇటీవల తన కాగితాలన్నీ నాకు చూపించారు. వంటగది గోడలోని నీటి పైపు పగిలి కింది అల్మరాలు ఉబ్బిపోయాయి, నేల పలకలు లేచిపోయాయి. బీమా సంస్థ పంపిన లేఖలో మాత్రం ఒక్కటే వాక్యం ఉంది: తుప్పు, అరుగుదల వల్ల కలిగిన నష్టం మినహాయింపుల కిందికి వస్తుంది కనుక క్లెయిము అంగీకరించలేము. పైపు పాతదే, తుప్పు పట్టిన మాటా నిజమే. ఇక చేసేదేమీ లేదని ఆవిడ అనుకున్నారు.

నష్టాలను అంచనా వేసే సర్వేయరుగా చాలాకాలం పనిచేశాను కాబట్టి పాలసీలోని అసలు పేరా తీసి చదివాను. అది ఇలా ఉంది: ‘అరుగుదల, తుప్పు, క్రమక్షయము వలన గాని, కొంతకాలముగా కొనసాగుతున్న ఊట వలన గాని సంభవించిన నష్టమునకు ఈ పాలసీ వర్తించదు, అయితే సదరు కారణముల పర్యవసానముగా నీరు హఠాత్తుగా, అనుకోకుండా వెలువడి బీమా చేసిన ఇతర ఆస్తికి కలిగిన నష్టమునకు ఈ మినహాయింపు వర్తించదు.’

ఆవిడకు దాన్ని ఇలా చెప్పాను: ‘పైపు పాతబడి పాడైతే ఆ పైపు ఖర్చు మేము ఇవ్వం. నీరు వారాల తరబడి కారుతూ ఇల్లు పాడైనా ఇవ్వం. కానీ పైపు పాతదే అయినా, అది ఒక్కసారిగా పగిలి, వచ్చిన నీటి వల్ల మీ ఇంట్లో మిగతావి పాడైతే, వాటి నష్టం ఇస్తాం.’ సంస్థ తన లేఖలో పేరా మొదటి సగమే చెప్పి రెండో సగం వదిలేసింది. పొరపాటున వదిలేసినా, కావాలనే వదిలేసినా పాలసీదారుకు జరిగే నష్టం ఒకటే. ఈ పద్ధతి నాకు చాలా బాధ కలిగిస్తోంది.

పైపు వయసు ఎంత అన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు. నీరు ఎలా వచ్చిందన్నది తేల్చాలి, దానికి ఆనవాళ్లు ఉంటాయి. చాలాకాలంగా ఊరిన చోట గోడ మీద మరకలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా ఏర్పడతాయి, తెల్లటి ఉప్పు పొర తేలుతుంది, చెక్క మెత్తబడి వేలు పెడితే పొడిగా రాలుతుంది. నీరు ఒక్కసారిగా వస్తే చెక్క ఉబ్బుతుంది గాని కుళ్లదు. నీరు నిలిచిన ఎత్తులో ఒకే గీత కనిపిస్తుంది. ఆవిడ అదే రోజు తీసిన ఫొటోల్లో అల్మరాల మీద ఉన్నది అలాంటి ఒకే గీత. పైపు నిలువునా చీలిందని ప్లంబరు తన బిల్లులోనే రాశాడు. సర్వేయరు నివేదికలో మాత్రం పైపు తుప్పు గురించి తప్ప అల్మరాల స్థితి గురించి ఒక్క మాటా లేదు.

ఆవిడకు నచ్చని మాట కూడా ఒకటి చెప్పాల్సి వచ్చింది. ఒక మూల గోడకు పాత చెమ్మ మరకలు ఉన్నాయి. ఆ మూల మరమ్మతుకు, కొత్త పైపుకు డబ్బు రాదు, అడగడం కూడా న్యాయం కాదు. అయితే ఆ రెండింటినీ విడదీసి తగ్గించాలే గాని మొత్తం క్లెయిమును కొట్టేయకూడదు.

అన్ని పాలసీలకూ ఇదే అర్థం చెప్పుకోకూడదు. కొన్నింటిలో ‘అయితే’ తర్వాతి భాగమే ఉండదు. మరికొన్నింటిలో ‘ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని’ అని మొదలవుతుంది; అప్పుడు మినహాయింపు పరిధి చాలా పెరుగుతుంది. ‘హఠాత్తుగా’ అంటే ఏమిటో నిర్వచనాల పేజీలో వేరే రాసి ఉండవచ్చు. అందుకే తేలిక మాటల్లోకి మార్చేటప్పుడు ఒక్క ‘గాని’, ఒక్క ‘అయితే’ కూడా జారిపోకూడదు.

మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేసే బాధ్యత సాధారణంగా సంస్థదే. అయితే రెండో సగం తనకు వర్తిస్తుందని చూపించాల్సింది చాలా చోట్ల పాలసీదారే. ఆ సగం ఉందనే తెలియని మనిషి పగిలిన పైపు ముక్కను పారేస్తారు, ఉబ్బిన చెక్కను ఫొటో తీయకుండానే మార్పించేస్తారు. తిరస్కరణ లేఖ వచ్చేసరికి చూపించడానికి ఏమీ మిగలదు.

కాబట్టి బీమా నియంత్రణ సంస్థలు మూడు విషయాలను తప్పనిసరి చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. తిరస్కరణ లేఖలో మినహాయింపు పేరాను పూర్తిగా అచ్చువేయాలి. దాని కిందే అదే అర్థాన్ని వాడుక మాటల్లో చెప్పాలి. సర్వేయరు చూసిన ఏ ఆనవాలు ఆ పేరాలోని ఏ భాగానికి సరిపోయిందో రాయాలి. ఆవిడ లేఖలో ఈ మూడో విషయం రాయాల్సి వచ్చి ఉంటే, అల్మరాల గురించి ఏమీ రాయలేదన్న సంగతి తిరస్కరించిన అధికారికే ముందుగా కనిపించేది.

– ఒక విశ్రాంత సర్వేయరు