సెలవులో ఉండి రాజీనామా చేసినవారిని ఆఫీసుకు రప్పించాలా?

సంపాదకుడిగారికి,

అనారోగ్య సెలవులో ఉన్న ఉద్యోగి రాజీనామా పంపితే, ‘ముందు డ్యూటీలో చేరండి, నోటీసు అప్పటి నుంచే లెక్క’ అనో, ‘మీరే వచ్చి నో డ్యూస్ ఫారం మీద సంతకాలు చేయించుకుంటేనే లెక్క తేలుస్తాం’ అనో చెప్పడం ప్రైవేటు కంపెనీల్లో మామూలైపోయింది. చికిత్సలో ఉన్నవాళ్లు ఆ మాట నమ్మి ఒంట్లో ఓపిక లేకపోయినా వెళ్తున్నారు, లేదంటే రావాల్సిన డబ్బు వదిలేసుకుంటున్నారు. నిజానికి ఈ పనంతా ఇంట్లో కూర్చునే పూర్తిచేయవచ్చు. మానవ వనరుల విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి, ఎక్కడెక్కడ చిక్కు పడుతుందో రాస్తున్నాను.

మొదటి చిక్కు తేదీ దగ్గరే. నోటీసు 60 రోజులనీ, డాక్టరు జూన్ 30 దాకా విశ్రాంతి రాశారనీ అనుకుందాం. ఉద్యోగి జూన్ 1న రాజీనామా మెయిల్ చేశారు. మర్నాటి నుంచి లెక్కపెడితే అరవయ్యో రోజు జూలై 31. కంపెనీ మాత్రం జూలై 1 నుంచి మొదలుపెట్టి ఆగస్టు 29 అంటుంది. ఎవరిది సరైనదో అపాయింట్‌మెంట్ లెటరే చెప్పాలి. ‘నోటీసు కాలంలో పెట్టిన సెలవు మేరకు గడువు పెరుగుతుంది’ అన్న షరతు అందులోగానీ, అందులో ప్రస్తావించిన సెలవు నిబంధనల్లోగానీ ఉంటే కంపెనీ వాదనకు బలముంది. అలాంటి వాక్యం ఎక్కడా లేకపోతే నోటీసు అందిన రోజు నుంచే గడువు నడుస్తుంది. సెలవులో ఉన్నంత మాత్రాన అది ఆగదు.

అందిందా లేదా అన్న పేచీ రాకుండా చూసుకోవడం తేలికే. సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, కంపెనీ చూపిన మెయిల్ చిరునామాకు సందేశం చేరగానే అందినట్టే. అందుకని రాజీనామాను మేనేజరుకీ హెచ్‌ఆర్‌కీ కలిపి పంపాలి, సొంత మెయిల్‌కి కాపీ పెట్టుకోవాలి. ఆఫీసు మెయిల్ ఏ రోజు మూసేస్తారో చెప్పలేం, ఆధారమంతా అందులోనే ఉండిపోతే తర్వాత చేతికి రాదు. కంపెనీ పోర్టల్‌లో రాజీనామా బటన్ ఉంటే అక్కడా నొక్కి, అది చూపించే చివరి పనిదినం స్క్రీన్‌షాట్ తీసి ఉంచాలి. జవాబు రాకపోతే అదే ఉత్తరం సంతకంతో స్పీడ్ పోస్టులో పంపాలి. ఉత్తరం పొడవుగా ఉండక్కర్లేదు. ‘ఈ తేదీన రాజీనామా చేస్తున్నాను, నోటీసు ఇన్ని రోజులు, నా చివరి పనిదినం ఫలానా తేదీ, ప్రస్తుతం వైద్య సెలవులో ఉన్నాను, అప్పగింతలు మెయిల్, కొరియర్ ద్వారా పూర్తిచేస్తాను’ అంటే చాలు. జబ్బు వివరాలు అందులో రాయక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది దీని తర్వాతే. రాజీనామా ఇచ్చేశాం కదా అని చాలామంది సెలవు పొడిగింపు అడగడం మానేస్తారు. మెడికల్ సర్టిఫికెట్ గడువు జూన్ 30తో తీరితే, జూలై 1 నుంచి హాజరు పట్టీలో ‘గైర్హాజరు’ అని పడుతుంది. కొన్నాళ్లకు ‘అనుమతి లేకుండా విధులకు రావడం లేదు’ అని నోటీసు వస్తుంది, రిలీవింగ్ లెటర్ ఆగిపోతుంది. గ్రాట్యుటీకి సర్వీసు లెక్కించేటప్పుడు అనారోగ్యం, సెలవు వల్ల వచ్చిన విరామాలు సర్వీసును తెంచవు. కానీ అనుమతి లేని గైర్హాజరును సర్వీసు విరామంగా తేల్చే అవకాశం యజమానికి ఉంటుంది. కాబట్టి చివరి పనిదినం దాకా, పాత సర్టిఫికెట్ గడువు తీరకముందే కొత్తది మెయిల్ చేస్తూ ఉండాలి. అందులో డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా విశ్రాంతి అన్నది తప్పకుండా కనిపించాలి. జీతంతో కూడిన సెలవు అయిపోతే జీతం లేని సెలవైనా సరే, అడిగినట్టు రాతలో ఉండాలి.

గడువు పెంచే షరతు ఉన్నచోట మిగిలేది డబ్బు లెక్క. పై ఉదాహరణలో జూలై 31నే వైదొలగితే నోటీసుకు లోటు 29 రోజులు, ఆ మేరకు జీతం కోస్తారు. మొత్తం జీతం 36,000 రూపాయలు, అందులో మూలవేతనం 20,000 అనుకుంటే, కోత 36,000 మీద లెక్కిస్తారా 20,000 మీద లెక్కిస్తారా అన్నది మళ్లీ అపాయింట్‌మెంట్ లెటర్‌లోని పదాన్ని బట్టే ఉంటుంది. ‘మూలవేతనం’ అని రాసి ఉన్నా మొత్తం జీతం మీద కోసిన లెక్కలు వస్తుంటాయి. ఆ పేజీ ఫొటో జతచేసి అడిగితే సరిచేస్తారు. మిగిలిన ఆర్జిత సెలవులతో లోటును సర్దమని కూడా అడగవచ్చు. ఆ కోత మీద 18 శాతం జీఎస్టీ వేస్తే ఒప్పుకోవద్దు. ఇలాంటి వసూలుకు పన్ను వర్తించదని పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులోనే సర్క్యులర్ ఇచ్చింది.

లాప్‌టాప్, గుర్తింపు కార్డు, సిమ్ అప్పగించడానికి మనిషే వెళ్లనక్కర్లేదు. మనిషిని పంపమనో, కొరియర్ ఏర్పాటు చేయమనో కంపెనీని మెయిల్‌లో కోరాలి. ఇచ్చేముందు సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో, ఆన్ చేసి తెర పనిచేస్తున్నట్టు చిన్న వీడియో, చార్జరుతో సహా వస్తువుల జాబితా సిద్ధం చేసుకోవాలి. దారిలో తెర పగిలితే ఆ ఖర్చు ఉద్యోగి లెక్కలో పడకుండా కాపాడేది ఈ వీడియోనే. లాప్‌టాప్‌ను ఫార్మాట్ చేయకూడదు, కంపెనీ డేటా చెరిపేశారన్న ఆరోపణ దాంతోనే మొదలవుతుంది. వస్తువులు చేరాక ‘అందాయి, బాగున్నాయి’ అని జవాబు రాబట్టుకోవాలి. ఐటీ, అడ్మిన్, అకౌంట్స్ విభాగాల నుంచి అలాంటి మెయిల్ ఒక్కోటి ఉంటే నో డ్యూస్ పని అయినట్టే.

కంపెనీ ఇచ్చిన బృంద ఆరోగ్య బీమా సాధారణంగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. చికిత్స మధ్యలో ఉన్నవారు ఆ తేదీ ఎంచుకునేటప్పుడే ఈ సంగతి చూసుకోవాలి. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే దరఖాస్తు కూడా ఆ తేదీకి ముందే పెట్టాలి.

ఇక బకాయిలు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారి వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. ‘45 రోజులు మా పాలసీ’ అన్న జవాబు దీని ముందు నిలవదు. గ్రాట్యుటీకి గడువు 30 రోజులు. పై ఉద్యోగి సర్వీసు 6 సంవత్సరాల 8 నెలలైతే దాన్ని 7గా లెక్కిస్తారు. 20,000ను 15తో, 7తో గుణించి 26తో భాగిస్తే 80,769 రూపాయలు వస్తుంది. పీఎఫ్ ఖాతాలో కంపెనీ నిష్క్రమణ తేదీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత సభ్యులే ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో Manage కింద Mark Exit ద్వారా ఆధార్ ఓటీపీతో వేసుకోవచ్చు. డబ్బు ఖాతాలో పడకముందే ‘ఇక ఏమీ రావాల్సింది లేదు’ అన్న కాగితం మీద మాత్రం సంతకం చేయకూడదు.

నో డ్యూస్‌కు ఉద్యోగి స్వయంగా రావాలన్న షరతుతో వేతనం ఆపడం కోడ్‌కు విరుద్ధమని కార్మిక శాఖ ఒక సర్క్యులర్ జారీ చేయాలి. మెయిల్‌లో వచ్చిన అప్పగింతలను అంగీకరించి తీరాలని కూడా అందులో రాయాలి.

ఇట్లు,
మానవ వనరుల విభాగంలో పనిచేసే ఒక పాఠకురాలు