‘బాత్’ ఉన్న చోట ‘బాధ’ పెట్టిన సంగతి

“మొదటిసారి పంపిన దాంట్లో పెదాలు మంచిగ కలిసినయ్ కదా, మళ్లీ డైలాగులెందుకు మార్చిన్రు? ఇప్పుడు ఒక దగ్గర కలుస్తలేవు.”

హిందీ షార్ట్ ఫిల్మ్‌ని మా హనుమకొండ స్టూడియోలో తెలుగులోకి డబ్బింగ్ చేయించుకుంటున్న కస్టమర్ అడిగిన మాట ఇది. మిగతావాళ్లకూ పనికొస్తుందని, ఆయన ఒప్పుకున్నాకే ఆయనకిచ్చే జవాబును ఇక్కడ రాస్తున్నాను.

మార్చింది మా తప్పు వల్లే. ఆ ఫిల్ములో కొడుకు అప్పు తీర్చడానికి తండ్రి బర్రెను అమ్ముకుంటాడు. కొడుకు ఏళ్ల తర్వాత వచ్చి నోట్ల కట్ట ముందు పెడతాడు. తండ్రి మొహం తెర నిండా ఉంటుంది. “బేటా, పైసే కీ బాత్ నహీ హై” అంటాడు. అందులో పెదాలు మూడుసార్లు మూసుకుంటాయి: బే, పై, బా. మేం ఆ మూడు చోట్లా అవే అక్షరాలు పడాలని పట్టుబట్టి “బేటా, పైసల బాధ లేదురా” అని రాశాం. రికార్డింగులో అచ్చంగా అతికింది. అందరం సంతోషపడ్డాం.

మా రికార్డిస్టు మేనత్త పరకాల నుంచి వచ్చి ఆ సీన్ చూసింది. ఆమెకు హిందీ రాదు. “పైసలకు బాధ లేనోడు బర్రెనెందుకు అమ్మిండు? గా పిలగాడెందుకు ఏడుస్తుండు?” అని అడిగింది. తండ్రి చెప్పేది తన గోస పైసల గురించి కాదని. మేం అనిపించింది పైసలకు ఇబ్బందేం లేదని. ‘బాత్’, ‘బాధ’ చెవికి దగ్గర, కంటికి ఇంకా దగ్గర, అర్థానికి మాత్రం ఎదురు. మాకు హిందీ తెలుసు కాబట్టి తెలుగు వింటూనే లోపల హిందీ అర్థం తగిలించుకున్నాం, అందుకే పట్టుకోలేకపోయాం.

ఇప్పుడున్నది “బిడ్డా, పైసల ముచ్చట కాదురా.” బి, పై, ము: ఇక్కడా పెదాలు మూడుసార్లే, అవే చోట్ల మూసుకుంటాయి. చూసేవాళ్ల కంటికి బ, ప, మ ఒక్కటే. మూసుకున్న పెదవులు లోపల ఏ అక్షరం ఉందో చెప్పవు. అదే అక్షరం కావాలని మేం పంతం పట్టకపోతే ‘ముచ్చట’ మొదటి రోజే దొరికేది. చివర ‘రా’ కూడా ఊరికే పెట్టలేదు. ‘హై’ దగ్గర నోరు తెరిచి ఉంటుంది, ‘కాదు’తో ఆపితే పెదాలు గుండ్రంగా ముడుచుకుపోతాయి. తెలుగులో రెండు అక్షరాలు ఎక్కువే, కానీ ‘పైసల’ గబుక్కున అనేయొచ్చు కాబట్టి సరిపోయింది.

శబ్దం ఎక్కడ పడాలన్నదీ చూస్తాం. పెదాలు మూసుకోకముందే ‘బ’ వినిపిస్తే ఒక్క ఫ్రేము తేడా, అంటే సెకనులో ఇరవై నాలుగో వంతు కూడా, జాగ్రత్తగా చూసేవాళ్లకు దొరికిపోతుంది. రెండు ఫ్రేములు వెనకపడితే మాత్రం కన్ను సర్దుకుంటుంది. అందుకే అనుమానం ఉన్నచోట గొంతును కాస్త వెనక్కే జరుపుతాం.

ఇక మీరు కలవడం లేదన్న చోటు. నిజమే, కలవదు. తల్లిని కొడుకు ‘మాఁ’ అని పిలిచే క్లోజప్‌లో మొదటిసారి ‘అమ్మా’ పెట్టాం, ఇప్పుడు ‘అవ్వా’ అని మార్చాం. ‘వ్వ’కు పెదాలు దగ్గరికొస్తాయి గానీ పూర్తిగా మూసుకోవు. నలభై దాటిన ఊరి మనిషి, తండ్రి నోట ‘బిడ్డా’ అనిపించుకున్నవాడు, తల్లిని ‘అవ్వా’ అనే పిలుస్తాడు. క్లోజప్‌లో ‘అమ్మా’, మిగతా మూడు చోట్ల ‘అవ్వా’ అంటే ఇద్దరు వేరు వేరు మనుషుల్లా ఉంటుంది. ఆ మూడు చోట్ల ఒకటి వీపు వైపు షాటు, రెండు దూరం నుంచి తీసినవి, అక్కడ పెదాల ఇబ్బందే లేదు. ఒక్క చోట అర సెకను పెదాలు తప్పినా మనిషి మారకూడదని నా నిర్ణయం.

ఇకమీదట ప్రతి ఫిల్ముకూ ముందు మూగగా చూసి, క్లోజప్‌లలో పెదాలు మూసుకునే చోట్లు మాత్రమే గుర్తు పెట్టుకుంటాం. మాట రాసేది ఆ తర్వాతే. రాసింది మైకు ముందుకు వెళ్లకముందు అసలు భాష రాని ఒకరికి చదివి వినిపించి, కథలో ఏం జరిగిందో వాళ్ల నోటితోనే చెప్పించుకుంటాం. దీనికి రెండు రోజులు ఎక్కువ పడుతుంది, పైసలు ఎక్కువ తీసుకోం. ఈ ఫిల్ముకు రెండోసారి రికార్డింగ్ ఖర్చు పూర్తిగా మాదే.

‘అవ్వా’ వద్దు, ‘అమ్మా’యే కావాలంటే శుక్రవారం లోపు చెప్పండి. నాలుగు చోట్లా మార్చి ఇస్తాం. ఆ గొంతు చెప్పినాయన కాజీపేటలోనే ఉంటాడు, గంట పని.