మీ లీవ్ ట్రాకర్ తప్పుగా కోసేసిన సెలవుల గురించి ఫిర్యాదు

హైదరాబాద్,
20 జనవరి 2025

కస్టమర్ సపోర్ట్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: సంవత్సరాంతంలో ఈఎల్‌ల, అంటే ఎర్న్‌డ్ లీవ్‌ల బ్యాలెన్స్ లెక్క తప్పడం, హాఫ్ డే మార్పుల్లో పొరపాటు, పాత లెక్కలు సరిచేయకపోవడం.

అయ్యా,

మాది 23 మంది పనిచేసే చిన్న డీలర్‌షిప్. 2022 చివర్లో మీ లీవ్ ట్రాకర్ తీసుకున్నాం. జీతాలు, హాజరు, సెలవులు చూసేది నేనొక్కదాన్నే. ఫోన్‌లో మీ వాళ్ళకి చాలాసార్లు చెప్పాను, టికెట్లు పెట్టాను. ప్రతిసారీ "టోటల్ ట్యాలీ అవుతోంది మేడమ్" అని టికెట్ మూసేస్తున్నారు. ట్యాలీ అవుతున్న మాట నిజమే. అయినా లెక్క తప్పే. ఎక్కడ తప్పో ఈసారి కాగితం మీద రాసి పంపుతున్నాను.

మా నియమం పెద్ద చిక్కైనదేం కాదు. ఏడాదికి 15 ఈఎల్‌లు, అంటే నెలాఖరున 1.25 చొప్పున జమ. వచ్చే ఏడాదికి గరిష్ఠంగా 60 రోజులు మోసుకెళ్ళొచ్చు. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 కూడా 60 రోజుల దాకా కూడబెట్టుకోనిస్తుంది. సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజున మీ వాళ్ళు అక్కడ 30 అని వేసి వెళ్ళారు. అది ఫ్యాక్టరీల చట్టంలోని పరిమితి, మాది ఫ్యాక్టరీ కాదు. దాన్ని నేనే మార్చుకున్నాను కాబట్టి ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను. ఇవి కాక, మా కంపెనీ నియమం ప్రకారం డిసెంబర్‌లో అడిగినవాళ్ళకి 8 ఈఎల్‌ల దాకా ఎన్‌క్యాష్ చేస్తాం, అంటే ఆ సెలవులకి బదులు డబ్బు ఇస్తాం.

60 అనే పరిమితి డిసెంబర్ 31న, అన్ని లెక్కలూ అయ్యాక చూడాల్సినది. మీ ట్రాకర్ దాన్ని ఒక్క ఏడాది కూడా సరైన సమయంలో చూడలేదు.

2023లో ప్రతి నెలా చూసింది. మా స్టోర్స్‌లో పాత ఉద్యోగి ఒకాయనకి ఆ జనవరి 1న 54 ఉన్నాయి. ఏప్రిల్ ఆఖరుకి 59 అయ్యాయి. మే జమతో 60.25 కావాల్సింది 60 దగ్గర ఆగిపోయింది. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో ఒక్కటీ పడలేదు. సెప్టెంబర్‌లో కూతురి పెళ్ళికి 10 రోజులు సెలవు పెట్టాక జమ మళ్ళీ మొదలై, ఏడాది చివరికి 55 చూపించింది. చేత్తో లెక్క వేస్తే 54కి 15 కలిపి 10 తీసేస్తే 59. అరవై దాటనే లేదు, కాబట్టి ఒక్క రోజు కూడా పోకూడదు. ఆయనకి 4 రోజులు పోయాయి. ఇది పట్టుకోవడం తేలిక: ఏడాదంతా పనిచేసిన మనిషికి జమ మొత్తం 15 ఉండాలి, ఆయన ఖాతాలో 11 ఉంది. మేం గొడవ చేస్తే 2024 ఫిబ్రవరి అప్‌డేట్‌లో నెలనెలా కోత ఆపారు. పోయిన 4 రోజులు మాత్రం ఈ రోజు దాకా తిరిగి వేయలేదు.

ఇప్పుడు 2024 సంగతి. ఈసారి పరిమితిని డిసెంబర్ 31నే చూశారు, కానీ ఎన్‌క్యాష్‌మెంట్ కంటే ముందు చూశారు. సేల్స్‌లో ఒకావిడకి ప్రారంభంలో 56, ఏడాది జమ 15, వాడుకున్నవి 5.5. అంటే 65.5. డిసెంబర్ 10న 8 రోజులు ఎన్‌క్యాష్ చేయమని అడిగారు, అదే వారం మా ఎండీ గారు ఆమోదించారు. ఆ 8 తీసేస్తే 57.5 మిగులుతాయి, అరవై లోపే కాబట్టి మొత్తం జనవరికి వెళ్ళాలి. మీ ట్రాకర్ ముందు 65.5ని 60కి కోసి, 5.5 రోజులు ల్యాప్స్ అని రాసి, ఆ తర్వాత 60 నుంచి 8 తీసేసింది. జనవరి 1న ఆవిడకి 52 చూపిస్తోంది. అసలు ఆవిడ ఎన్‌క్యాష్ చేసుకున్నదే సెలవులు పోకూడదని. ఆవిడ జీతం 39,000. మేం 26తో భాగిస్తాం కాబట్టి రోజుకి 1,500. ఆ 5.5 రోజులు అంటే 8,250 రూపాయలు.

దీన్నే మీ వాళ్ళు ట్యాలీ అంటున్నారు. అవుతుంది మరి: 56కి 15 కలిపి, 5.5, 8, 5.5 తీసేస్తే 52. పోగొట్టిన రోజులు కూడా ఒక కాలమ్‌లో రాసి ఉంటే మొత్తం ఎప్పుడైనా కలుస్తుంది. చూడాల్సింది వేరే ఉంది. పరిమితి దాటి సెలవులు పోయిన మనిషికి కొత్త ఏడాది ప్రారంభ బ్యాలెన్స్ సరిగ్గా 60 ఉండాలి. 52 ఉన్న మనిషికి ల్యాప్స్ ఎలా పడుతుంది? మీ ఇయర్ ఎండ్ రిపోర్ట్‌లో ల్యాప్స్ సున్నా కాకుండా, ప్రారంభ బ్యాలెన్స్ 60 కంటే తక్కువగా ఉన్న పేర్లు తీసి చూడండి. మా దగ్గర ముగ్గురు వచ్చారు, ముగ్గురూ డిసెంబర్‌లో ఎన్‌క్యాష్ చేసుకున్నవాళ్ళే.

హాఫ్ డే సంగతి దీనికి ఉల్టా. ఉదయం పూట హాఫ్ డే పెట్టుకున్నవాళ్ళు దాన్ని మధ్యాహ్నానికి మార్చుకుంటే, మీ ట్రాకర్ పాత దరఖాస్తుని రద్దు చేసి కొత్తది వేస్తోంది. రద్దులో 0.5 తిరిగి ఇవ్వాల్సింది 1 ఇస్తోంది. 20 ఉన్న బ్యాలెన్స్ 19.5 అయి, మార్పులో 20.5కి పెరిగి, కొత్త కోతతో మళ్ళీ 20కి వస్తోంది. పూట సెలవు ఉచితం! దీని మీద ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టే ఇన్నాళ్ళు బయటపడలేదు. బయోమెట్రిక్‌లో ఒక పూటే వచ్చిన రోజుల్ని లీవ్ ఖాతాతో పోల్చి చూస్తేనే తెలిసింది. ఇలా మిగిలిన పూటలు ఉద్యోగి మానేసేటప్పుడు ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో డబ్బుగా మారతాయి. ఆ భారం మా మీద పడుతుంది.

మీ సపోర్ట్ చెప్పే పరిష్కారం ఒక్కటే: "అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ వేసుకోండి మేడమ్." వేస్తే ఈ రోజుకి అంకె సరిపోతుంది. ల్యాప్స్ 5.5 అన్న తప్పు వరుస మాత్రం ఖాతాలో అలాగే ఉంటుంది, దాని కింద కారణం తెలియని +5.5 ఇంకొకటి చేరుతుంది. రేపు లేబర్ ఆఫీసర్ వచ్చి ఇదేమిటని అడిగితే జవాబు చెప్పాల్సింది నేను. పైగా ఇప్పుడు నేను చేత్తో వేశాక మీరు అప్‌డేట్‌తో పాత ఏడాదిని మళ్ళీ లెక్కిస్తే ఆ 5.5 రెండుసార్లు పడుతుంది. అందుకే నేను ఒక్క ఎంట్రీ కూడా వేయలేదు.

ఏడాది చివరి లెక్క ఈ వరుసలో జరగాలి: ముందు డిసెంబర్ జమ వేయాలి, తర్వాత ఆమోదం కోసం ఆగి ఉన్న డిసెంబర్ సెలవులు తేలాలి, తర్వాత ఎన్‌క్యాష్ చేసినవి తీసేయాలి, అన్నిటికన్నా చివర 60 చూడాలి. ఈ వరుసతో మా 2023, 2024 ఖాతాలను మొదటి నుంచి తిరిగి లెక్కించి, ప్రతి ఉద్యోగికీ పాత అంకె, కొత్త అంకె, తేడాకి కారణం ఉన్న రిపోర్ట్ ఇవ్వండి. హాఫ్ డే మార్పుల్లో తప్పుగా తిరిగి ఇచ్చిన పూటల జాబితా వేరుగా కావాలి. వాటిని మేం అడగకుండా వెనక్కి కోయొద్దు, మా వాళ్ళతో మాట్లాడాక చెబుతాం.

ఇవన్నీ ఫిబ్రవరి 10 లోపు అందాలి. ఫిబ్రవరి జీతాలతో ఇద్దరికి సెటిల్‌మెంట్ చేయాల్సి ఉంది. అప్పటిదాకా రెన్యువల్ బిల్లు ఆపమని మా ఎండీ గారు చెప్పారు. గడువు దాటితే మా డేటా మొత్తం, రోజువారీ వరుసలతో సహా, ఎక్సెల్‌లో ఇచ్చేయండి. 23 మంది లెక్క నేను షీట్‌లో చూసుకోగలను.

ఇద్దరు ఉద్యోగుల లీవ్ ఖాతాలు, ఇయర్ ఎండ్ రిపోర్ట్, నేను వేసిన లెక్క జతచేశాను.

ఇట్లు,
అకౌంట్స్ మరియు హెచ్ఆర్ ఇన్‌ఛార్జ్