గెలాక్సీ టైల్స్ ఆపేస్తున్నాం

ఒరేయ్ శీనూ,

ఎట్టున్నావు? మొన్న ఫోన్లో "మంచిగా నడిచే టైల్స్ ఎందుకురా ఆపేస్తున్నారు" అనడిగి, నేను నోరు తెరిచేలోపే పెట్టేశావు. తీరిగ్గా రాస్తున్నా, చదువు.

మా చీమకుర్తి ఫ్యాక్టరీలో అడుగు బై అడుగు గెలాక్సీ గ్రానైట్ టైల్స్ వచ్చే నెలాఖరుతో ఆఖరు. పనోళ్లకు సర్క్యులర్ రాసే పని నా నెత్తిన పడింది. మా ఓనరు గారు "మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా" అని రెండు ముక్కలు రాసెయ్యమన్నారు. అట్టా రాస్తే ఎవరు నమ్ముతారురా? రోజూ లారీకెక్కిస్తున్న సరుకు నష్టమెట్టా అవుద్దని అడగరూ?

పాత షీటులో లెక్క ఇట్టా ఉండేది. అడుగు అమ్మేది 62 రూపాయలు. ఖర్చు 71. అందులో 14 ఆఫీసు, వాచ్‌మన్, వడ్డీలాంటి ఉమ్మడి ఖర్చు. అది టైల్స్ ఆపినా పోదు, స్లాబుల మీద పడుద్ది. అంటే టైలుకు నేరుగా అయ్యేది 57, ఇంకా 5 మిగులుతుంది. ఈ లెక్కే నిజమైతే ఆపడం తెలివితక్కువ పని, ఆ అయిదూ పోతుంది గదా!

కానీ ఆ 57 కోసిన టైలు లెక్క, అమ్ముడుపోయే టైలు లెక్క కాదు. పది మిల్లీమీటర్ల మందం, చాంఫర్ కొట్టేటప్పుడు మూలలు ఎగిరిపోతాయి. ఇంకోటి, గెలాక్సీలో బంగారు చుక్క ఒకచోట సన్నం, ఒకచోట లావు. స్లాబయితే వంటగట్టుకు ఒకటే రాయి సరిపోద్ది, తేడా తెలీదు. టైల్స్ నేల మీద పక్కపక్కన పరిస్తే తెలిసిపోద్ది. పార్టీ వాపసు పంపుతాడు. అట్టా నూటికి 82 మాత్రమే బిల్లు అవుతున్నాయి. నూరు టైల్స్‌కు అయ్యే 5,700ను ఆ 82 టైల్స్ మీద వేసి చూడు, అడుగుకు అరవై తొమ్మిదిన్నర! ఉమ్మడి ఖర్చు కలపకుండానే ఏడున్నర పోతోంది. రేటు పెంచుదామా అంటే మోర్బీ నుంచి వచ్చే విట్రిఫైడ్ టైల్స్ పెంచనిస్తేగా.

సర్క్యులర్లో ఇదే రాశా, ఒక్క జాగ్రత్తతో. మూలలు ఎగరడం పనోళ్ల చేతగానితనం అనిపించకూడదు. పలచటి రాయికి అది తప్పదు, ఎవరు నడిపినా అంతే అని రాశా. మొదటి వాక్యంలోనే ఆఖరి తేదీ, రెండో దాంట్లో ఎవరు ఏ సెక్షన్‌కు పోతారో పెట్టా. లెక్కలు ఆ తర్వాతే. జీతం సంగతి తెలీకుండా 57, 82 ఎవరు చదువుతారు? పాలిష్ వాళ్లు స్లాబు లైనుకు వస్తున్నారు. కాంట్రాక్టు కుర్రోళ్ల సంగతి ఇంకా తేలలేదు. "చూస్తాం" అని రాయమన్నారు గానీ నేను రాయలా. తేలే తేదీ చెప్పండి, అదే రాస్తానన్నా. దానిమీద కాస్త గొడవైంది, ఇరవయ్యో తేదీ అని ఒప్పుకున్నారు.

నీ నెల్లూరు కొట్టుకు టైల్స్ కావాలంటే పదిహేనో తేదీ లోపు చెప్పు. ఆ తర్వాత గోడౌన్లో ఉన్నదే, చుక్క కలుస్తుందని మాత్రం నన్నడగొద్దు.

నీ
రమణ