తడపని లైనింగ్‌కి ఇక కత్తెర పెట్టను

"మాస్టర్, లైనింగ్ గుడ్డ తడిపి ఆరబెట్టాలని రెండు రోజులు ఎక్కువ అడుగుతున్నారు. ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు? నీళ్లు చల్లి ఇస్త్రీ చేసి కుట్టేస్తే చాలదా?"

చాలదు అక్కా. ఇన్నేళ్లూ నేను చేసిందీ అదే. నాకు లైనింగ్ ఇచ్చే హోల్‌సేల్ ఆయన "ఇది ముందే తడిపి ఆరబెట్టిన మాల్, కుంచించుకోదు" అనేవాడు. ఎనిమిదేళ్లు ఆ మాట మీదే కత్తెర పెట్టాను.

దసరా తర్వాత ఒకావిడ జార్జెట్ బ్లౌజ్ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. ఒక్కసారి ఉతికిందట. పైగుడ్డ ఉన్నంతే ఉంది, లోపలి కాటన్ లైనింగ్ పొట్టిదైపోయింది. చేతుల అంచులు లోపలికి ముడుచుకున్నాయి, జార్జెట్ వదులై బుడగల్లా లేచింది. "మాస్టర్, కొలత తప్పిందా?" అని అడిగింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అదే తానులోంచి ముక్క కోసి, నిలువుగా 20 అంగుళాలు, అడ్డంగా 20 అంగుళాలు పెన్నుతో గీశాను. గంటసేపు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి నీడన ఆరేశాను. మళ్లీ టేపు పెడితే నిలువు 19 అంగుళాలే ఉంది. అడ్డం పావు అంగుళం కూడా తగ్గలేదు. అంటే 14 అంగుళాల బ్లౌజ్ పొడవులో దాదాపు ముప్పావు అంగుళం, 10 అంగుళాల చేతిలో అరంగుళం పోతుంది. నా కొలత తప్పలేదు, గుడ్డే మోసం చేసింది.

మగ్గం మీద నిలువునా ఉండే పడుగు దారాలను బిగలాగి నేస్తారు. ఆ తర్వాత గంజి పట్టించి ఆరబెట్టేటప్పుడూ లాగిపట్టే ఉంచుతారు. గుడ్డ నీళ్లు తాగితే నూలు ఉబ్బుతుంది, ఆ బిగువు వదిలి దారం దగ్గరికొస్తుంది. అందుకే నిలువునే ఎక్కువ తగ్గుతుంది. నీళ్లు చల్లితే లోపలిదాకా తడవదు. పైగా ఇస్త్రీపెట్టెతో మళ్లీ సాగదీసినట్టే.

ఆవిడ బ్లౌజ్ లైనింగ్ విప్పి, తడిపిన గుడ్డతో ఉచితంగా మళ్లీ కుట్టిచ్చాను. ఆ వ్యాపారి దగ్గర కొనడం మానేశాను. తేల్చుకోలేకపోయింది మాత్రం ఈ రెండు రోజుల సంగతే. పెళ్లిళ్ల సీజన్‌లో ఎవరాగుతారు? ఇప్పటికే ముగ్గురు గుడ్డ వెనక్కి తీసుకెళ్లారు. వారం ఆలోచించాను. పోయేవాళ్లు పోనీ, తడపని కాటన్ మాత్రం కోయను.

మంగళగిరి, నారాయణపేట కాటన్ బ్లౌజ్ గుడ్డలకూ ఇదే. రంగు దిగే గుడ్డైతే విడిగా తడుపుతాను. పట్టు, జరీ నీళ్లలో పెట్టను, పాలిస్టర్‌కి అవసరం లేదు. తొందరైతే మీరే ఇంట్లో తడిపి తెండి. పిండొద్దు, నీడన పరిచినట్టు ఆరేయండి, కొంచెం తేమ ఉండగానే లాగకుండా ఇస్త్రీ చేయండి.

మీ గుడ్డ ఈ పొద్దునే బకెట్లో వేశాను. ఎల్లుండి కటింగ్, శనివారం సాయంత్రానికి బ్లౌజ్ మీ చేతిలో ఉంటుంది.