ఇంగువలో గోధుమ: ఆహార భద్రత కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

సీలియాక్ వ్యాధి వల్ల గోధుమ పడని మా అమ్మాయి కోసం ఆన్‌లైన్‌లో కందిపొడి కొన్నాను. అమ్మకపు పేజీలో కందిపప్పు, ఎండుమిరప, జీలకర్ర, ఇంగువ, ఉప్పు అని మాత్రమే ఉండగా, ఇంటికి వచ్చిన పొట్లం వెనుక చిన్న అక్షరాలలో 'గోధుమ ఉంది' అని కనిపించింది. బజారులో దొరికే ఇంగువ చాలావరకు మైదా, జిగురు కలిపి చేసినదే కనుక ఆ హెచ్చరిక నిజమే. అది కొనకముందు కనబడకపోవడమే నా బాధ.

బ్యాచ్ సంఖ్య, తేదీల వంటివి మినహా లేబుల్‌పై తప్పనిసరైన వివరాలన్నీ అమ్మకానికి ముందే కొనుగోలుదారుకు చూపాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి పొట్లం వెనుక వైపు ఫోటోను, నికర బరువును, ఎన్ని నెలలు నిల్వ ఉంటుందో, మూత తీశాక ఎలా దాచాలో ప్రతి పేజీలో ఉంచేలా అమ్మకందారులను తనిఖీ చేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి