జాబ్ మేళాకి వెళ్లేముందు ఇది చదువు

ఒరేయ్ రమేష్,

స్టాల్లో పదిహేను సెకన్లలో చెప్పాల్సిన పరిచయం అని నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ టైమర్ పెట్టుకుని రెండుసార్లు విన్నాను. పదిహేను సెకన్లు అయ్యేసరికి నువ్వింకా మీ ఊరు, నాన్నగారి వ్యవసాయం, పాలిటెక్నిక్ పేరు దగ్గరే ఉన్నావు. 'సీఎన్‌సీ' అన్న మాట ఇరవై రెండో సెకనులో వచ్చింది. అప్పటికి స్టాల్లో వాళ్లు నీ వెనకవాడి రెజ్యూమే అందుకుంటూ ఉంటారు.

పోయినేడు మా కంపెనీ స్టాల్లో హెచ్ఆర్ మేడమ్ పక్కన నన్ను కూర్చోబెట్టారని చెప్పాను కదా. ఆవిడ ముందు మూడు దొంతరలు ఉండేవి: ఆపరేటర్లు, క్వాలిటీ, మిగతావాళ్లు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే రెజ్యూమే పైమూల పెన్నుతో రెండు ముక్కలు రాసి ఏదో ఒక దొంతరలో పెట్టేసేది. 'హార్డ్ వర్కర్‌ని, త్వరగా నేర్చుకుంటాను' అన్నవాళ్ల కాగితం మీద రాయడానికి ఆవిడకి ఏమీ దొరికేది కాదు. అవన్నీ మూడో దొంతరలోకే. సాయంత్రం దాన్ని ఎవరూ విప్పలేదురా, నాకు చాలా బాధేసింది.

అందుకే ఆ రెండు ముక్కలు నువ్వే అందించు. ఇలా రాశాను చూడు:

"నమస్తే మేడమ్, నా పేరు రమేష్. సీఎన్‌సీ టర్నింగ్‌లో రెండేళ్లు చేశాను. ఫానుక్ కంట్రోల్ మీద సెట్టింగ్ కూడా నేనే చేస్తాను. మీ బోర్డు మీద సెట్టర్ పోస్టు చూసి వచ్చాను. నైట్ షిఫ్ట్ అయినా ఫరవాలేదు."

తొందరపడకుండా చెబితే పదిహేను సెకన్లకి సరిగ్గా సరిపోతుంది. ఊరు, మార్కులు రెజ్యూమేలో ఉన్నాయి, నోటితో అక్కర్లేదు. ఫానుక్ పేరు మాత్రం వదలకు. మెషీన్ దగ్గర నిలబడినవాడే కంట్రోల్ పేరు చెబుతాడని స్టాల్లో వాళ్లకి తెలుసు. చివర్లో పోస్టు పేరు ఎందుకంటే, ఆవిడ పెన్ను సరిగ్గా దానికోసమే ఆగి ఉంటుంది. మరో స్టాల్‌కి వెళ్తే ఆ ఒక్క వాక్యమే మార్చుకో, మిగతాది అలాగే ఉంచు.

రెజ్యూమే ముందే చేతికిచ్చేయకు. ఇచ్చావంటే కళ్లు కాగితం మీదికి పోతాయి, నీ మాట గాల్లో కలుస్తుంది. సెట్టర్ అన్నాక ఇవ్వు. హాల్లో మైకుల గోల ఉంటుంది కాబట్టి పేరు చెప్పాక ఒక్క క్షణం ఆగు. టెన్షన్‌లో మనం మింగేసేది పేరునే.

"రెజ్యూమే పెట్టి వెళ్లండి" అంటే మాట తగల్లేదన్నమాట. "ఏ మెటీరియల్ మీద చేశారు?" అని అడిగితే తగిలినట్టే. పదిహేను సెకన్లు తెచ్చిపెట్టేది ఆ ప్రశ్న వరకే, ఉద్యోగం కాదు. సెట్టింగ్ అన్నావు కాబట్టి వేర్ ఆఫ్‌సెట్ ఎప్పుడు, ఎంత మారుస్తావో కూడా అడుగుతారు. తడబడితే ముందు చెప్పినదంతా అబద్ధంలా వినిపిస్తుంది. నువ్వు రోజూ చేసే పనే కదా, నిన్న షిఫ్ట్‌లో ఏం చేశావో అదే చెప్పు.

రాత్రి పడుకునేముందు ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టి, నిలబడి ఒకసారి రికార్డు చేసి పంపు. మేలుకునే ఉంటాను.

నీ
శీను